నుదుటి మీది మూడు అక్షరాలు: గోలెం కథలో ప్రాణం ఎక్కడుంది?

గోలెం కథ మనలో చాలామందికి ఒకే రూపంలో తెలుసు. ప్రాగ్ నగరంలో ఒక రబ్బీ, అంటే యూదు మతాచార్యుడు, నది ఒడ్డు బంకమట్టితో మనిషి ఆకారం చేస్తాడు. దాని నుదుటి మీద ‘ఎమెత్’ అని రాస్తాడు. హీబ్రూలో ఆ మాటకు సత్యం అని అర్థం. బొమ్మ లేచి నిలబడి, శత్రువుల నుంచి యూదుల వాడను కాపాడుతుంది. ఒకరోజు అది అదుపు తప్పితే రబ్బీ మొదటి అక్షరాన్ని చెరిపేస్తాడు. మిగిలిన ‘మేత్’కు మృతుడు అని అర్థం. బొమ్మ కుప్పకూలి మట్టి అయిపోతుంది.

కథగా ఇది ఎంతో పొందికగా ఉంటుంది. కానీ పాత గ్రంథాల్లో వెతికితే ఇది ఇలా ఒక్కచోట దొరకదు. నుదుటి మీది మాట 13వ శతాబ్దపు రాతల్లో ఉంది, అందులో ప్రాగ్ లేదు. ప్రాగ్ కథ 19వ శతాబ్దంలో అచ్చులోకి వచ్చింది, అందులో ప్రాణం పోసే మాట ఉండేది నోట్లో. కాపలా పని 20వ శతాబ్దపు ఆరంభంలో వచ్చి చేరింది. ఈ మూడు పోగులనూ విడదీసి చూస్తేనే ఆ అక్షరం అసలు ఏం చేస్తుందో తెలుస్తుంది. ఆ 13వ శతాబ్దపు కథనాల్లో ఒకదానిలో ఆ అక్షరాన్ని చెరిపింది సృష్టికర్త కాదు, సృష్టి అయిన బొమ్మే. నా దృష్టిలో కథకు కీలకం అదే.

‘గోలెం’ అనే మాట హీబ్రూ బైబిల్లో ఒక్కచోటే, 139వ కీర్తన 16వ వచనంలో కనిపిస్తుంది. తెలుగు బైబిలు చదివినవారికి ఆ వచనం తెలిసే ఉంటుంది: ‘నేను పిండమునై యుండగా నీ కన్నులు నన్ను చూచెను.’ ఇక్కడ పిండం అని అనువదించిన మాటే గోలెం. అంటే ఇంకా రూపం పూర్తి కాని ముద్ద. యూదుల ధర్మచర్చల మహాసంకలనమైన తాల్ముద్ ఈ మాటను ఆదాముకే వాడింది. ఆదాము పుట్టిన రోజును అది గంటలుగా విడదీసి చెబుతుంది. మొదటి గంటలో మన్ను పోగుచేశారు, రెండో గంటలో అది గోలెం అయింది, మూడో గంటలో అవయవాలు సాగాయి, నాలుగో గంటలో ఆత్మ ప్రవేశించింది. ఆ లెక్కన ప్రతి మనిషీ మొదట గోలెమే. ఆత్మ రాకముందు ఆగిపోయినదే గోలెంగా మిగులుతుంది.

తాల్ముద్‌లో ఈ లెక్క ఉన్న సన్హెద్రిన్ భాగంలోనే మనిషి చేతిలో తయారైన మొదటి మనిషి కథ కొద్ది మాటల్లో ఉంది. 4వ శతాబ్దంలో బాబిలోనియాలో ఉన్న రవా అనే పండితుడు ఒక మనిషిని సృష్టించి రబ్బీ జేరా దగ్గరికి పంపాడు. జేరా పలకరించాడు. జవాబు రాలేదు. ‘నువ్వు మా తోటి పండితులు చేసినవాడివి, నీ మట్టికి తిరిగి వెళ్ళు’ అన్నాడు జేరా. కథ అంతే. నుదురు లేదు, రాత లేదు. మట్టి మనిషిని పట్టిచ్చింది మౌనం, మట్టిలో కలిపింది ఒక వాక్యం. అయితే ఆ కథకు ముందు రవా అన్న మాటను గుర్తుంచుకోవాలి. నీతిమంతులు తలచుకుంటే ఒక లోకాన్నే సృష్టించగలరని, వారికి దేవుడికి మధ్య అడ్డుగా నిలిచేది పాపాలేనని ఆయన యెషయా గ్రంథం ఆధారంగా అన్నాడు. ఆ మాట వెంటనే ఆయన చేసిన మనిషి కథ వస్తుంది. ఆ మనిషి మాట్లాడలేకపోయాడు. సృష్టికర్తకు, అతణ్ణి అనుకరించేవాడికి మధ్య ఉన్న దూరం ఆ మౌనంలో వినిపిస్తుంది.

రవా ఎలా సృష్టించాడో తాల్ముద్ చెప్పలేదు. ఆ పద్ధతిని తర్వాతి తరాలు ‘సెఫెర్ యెత్సిరా’ అనే చిన్న పుస్తకంలో వెతికాయి. పేరుకు సృష్టి గ్రంథం అని అర్థం. దేవుడు లోకాన్ని 22 హీబ్రూ అక్షరాలతో చెక్కాడు, తూచాడు, కలిపాడు, మార్చాడు అంటుంది ఆ గ్రంథం. 22 అక్షరాల్లో ఏ రెండింటిని జతచేసినా మొత్తం 231 జతలు వస్తాయి. వాటిని అది ద్వారాలు అని పిలుస్తుంది. పుట్టినవన్నీ ఆ ద్వారాల గుండా వచ్చినవే. భాష లోకాన్ని వర్ణించడానికి తర్వాత వచ్చింది కాదు, లోకమే అక్షరాలతో కట్టినది అన్న నమ్మకం ఇది. ‘వెలుగు కలుగుగాక’ అని పలికితే వెలుగు కలిగిందని ఆదికాండము మొదటి అధ్యాయంలో చదివేవారికి ఈ నమ్మకం వింతగా తోచదు.

జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న వోర్మ్స్ నగరంలో 13వ శతాబ్దం తొలినాళ్ళలో జీవించిన రబ్బీ ఎలియాజర్ ఈ గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. గోలెంను చేసే విధానం స్పష్టంగా కనిపించే తొలి రాతల్లో అదొకటి. పూనుకునేవాడు ముందు శుద్ధి పొందాలి, తెల్లని బట్టలు కట్టుకోవాలి. ఒంటరిగా చేయకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి. కొండల్లో ఎవరూ తవ్వని చోటు నుంచి మట్టి తేవాలి. నిలవ నీటితో కాదు, పారే నీటితో పిసకాలి. ఆకారం సిద్ధమయ్యాక ఒక్కో అవయవానికి చెందిన అక్షరాన్ని మిగతా అక్షరాలతో, దేవుని నామంలోని అక్షరాలతో, అచ్చులన్నిటితో వరుస తప్పకుండా జతచేస్తూ పలకాలి. ఒక అవయవం పూర్తయ్యాకే ఇంకొకటి. ఎంత ఏకాగ్రత ఉన్నా గంటల తరబడి సాగే పని ఇది.

ఈ విధానంలో అంతం కోసం వేరే మంత్రం లేదు. వరుసను తిరగేసి పలికితే చాలు. ముందుకు వెళితే నిర్మాణం, వెనక్కి వెళితే విధ్వంసం. పొరపాటు జరిగేది కూడా ఇక్కడే. ఆ కాలపు మరో వ్యాఖ్యానంలో ఒక గురువు శిష్యుల కథ ఉంది. వాళ్ళు తెలియక అక్షరాలను వెనక్కి పలుకుతూ తిరిగారు. పలికేకొద్దీ భూమిలోకి దిగిపోయి, చివరికి నాభి దాకా కూరుకుపోయి కేకలు పెట్టారు. గురువు విని, అక్షరాలను ముందు వరుసలో పలుకుతూ నడవమన్నాడు. అలా పలికాక గానీ బయటపడలేదు. మట్టి బొమ్మను మట్టి చేసే వరుస, మట్టి నుంచి పుట్టిన మనిషిని కూడా మట్టిలోకి లాగుతుంది. పలికేవాడు తన సృష్టికి అతీతుడేమీ కాదని ఈ చిన్న కథ చెబుతోంది.

ఇంతవరకూ నోటితో పలకడమే ఉంది, రాయడం లేదు. నుదుటి మీద రాత ఎక్కడి నుంచి వచ్చింది? యూదు సంప్రదాయంలో నుదురు రాతకు కొత్త చోటు కాదు. ప్రధాన యాజకుడి నుదుటి మీద ‘యెహోవా పరిశుద్ధుడు’ అని చెక్కిన బంగారు రేకు ఉండేది. అయితే గోలెం నుదుటికి మూలం మరో చోట ఉందని నా అభిప్రాయం. యెహెజ్కేలు 9వ అధ్యాయంలో యెరూషలేముకు శిక్ష పడబోయే ముందు, నారబట్టలు ధరించి సిరాబుడ్డి పట్టుకున్న ఒకడు నగరంలో తిరుగుతూ, అన్యాయాలకు దుఃఖించేవారి నొసళ్ళ మీద గుర్తు వేస్తాడు. ఆ గుర్తుకు హీబ్రూలో ఉన్న మాట ‘తావ్’. అది వర్ణమాలలో చివరి అక్షరం పేరు కూడా.

తాల్ముద్‌లోని షబ్బాత్ భాగం ఈ ఘట్టాన్ని చర్చిస్తూ నీతిమంతుల నుదుటి మీద సిరాతో తావ్, దుష్టుల నుదుటి మీద రక్తంతో తావ్ రాశారని చెబుతుంది. తావ్ ఎందుకు? రవ్ అనే పండితుడి జవాబు ఇది: ‘నువ్వు బ్రతుకుతావు’ అనే హీబ్రూ మాట మొదలయ్యేది ఆ అక్షరంతోనే, ‘నువ్వు చస్తావు’ అనే మాట మొదలయ్యేదీ ఆ అక్షరంతోనే. మరో జవాబు రేష్ లాకిష్‌ది. తావ్ దేవుని ముద్రలో చివరి అక్షరం అని ఆయన అన్నాడు, ఎందుకంటే దేవుని ముద్ర ‘ఎమెత్’, సత్యం. నుదురు, బ్రతుకునూ చావునూ తేల్చే ఒక అక్షరం, ఎమెత్ అనే ముద్ర, ఈ మూడూ తాల్ముద్‌లో ఒకే పుటలో పక్కపక్కన ఉన్నాయి. అక్కడ ఏ మట్టి మనిషీ లేడు. అతణ్ణి ఆ పుటలోకి నడిపించింది దాన్ని కంఠస్థం చేసిన మధ్యయుగపు పండితులే అయివుండాలి.

ఎమెత్‌లో మూడే అక్షరాలు: ఆలెఫ్, మేమ్, తావ్. హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు, అచ్చులకు వేరే అక్షరాలుండవు. అందుకే ఒక్క అక్షరం పోతే చాలు, మరో పూర్తి మాట మిగులుతుంది. ఆలెఫ్ వర్ణమాలకు మొదలు, తావ్ చివర, మేమ్ నడుమ. మొదలూ నడుమా తుదీ దేవుడే అన్న అర్థం ఇందులో చూశారు. సృష్టి పూర్తయిందని చెప్పే ఆదికాండము 2:3లో హీబ్రూ మూలంలోని చివరి మూడు మాటల చివరి అక్షరాలను వరుసగా తీసుకుంటే మళ్ళీ ఎమెత్ వస్తుంది. దేవుడు పని ముగించి వేసిన సంతకంలా దాన్ని చదివారు. ఆ సంతకాన్ని మనిషి తన పని మీద వేయవచ్చా? తర్వాతి కథ అడిగే ప్రశ్న ఇదే.

ఆ కథ 13వ శతాబ్దపు రాతల్లో ఒకటికి మించిన రూపాల్లో దొరుకుతుంది. పాత్రలు ప్రవక్త యిర్మీయా, అతని కొడుకు బెన్ సిరా. చరిత్రలో ఈ ఇద్దరి మధ్య నాలుగు వందల ఏళ్ళ దూరం ఉంది, పురాణం వాళ్ళను తండ్రీకొడుకులను చేసింది. ఒక రూపంలో బెన్ సిరా సెఫెర్ యెత్సిరాను ఒంటరిగా చదవబోతే, నీ ఒక్కడి వల్ల కాదని ఆకాశవాణి పలుకుతుంది. అతను తండ్రి దగ్గరికి వెళతాడు. ఇద్దరూ మూడేళ్ళు చదివి ఒక మనిషిని చేస్తారు. అతని నుదుటి మీద ఎమెత్ అని ఉంటుంది. ఆ మనిషి నోరు తెరిచి తన సృష్టికర్తలకు సలహా చెబుతాడు. దేవుడు ఆదామును చేసి, అతను చనిపోవాలనుకున్నప్పుడు ఒక అక్షరం చెరిపాడు, మీరూ నాకు అదే చేయండి, ఇంకో మనిషిని చేయకండి, లేకపోతే ఆదాము మనవడు ఎనోషు కాలంలో జనం విగ్రహాల వెంట పడ్డట్టే మళ్ళీ దారి తప్పుతారు అంటాడు.

రెండో రూపం మరింత తీవ్రమైనది. ఇందులో నుదుటి మీద ఒక్క మాట కాదు, మూడు మాటలున్నాయి: ‘యెహోవా దేవుడు సత్యం’. కొత్తగా లేచిన మనిషి చేతిలో ఒక కత్తి ఉంది. లేచీ లేవగానే అతను ఆ కత్తితో ఎమెత్‌లోని ఆలెఫ్‌ను గీకేశాడు. అప్పుడు నుదుటి మీద మిగిలిన వాక్యం ‘యెహోవా దేవుడు మృతుడు’.

యిర్మీయా బట్టలు చించుకున్నాడు. దైవదూషణ విన్నప్పుడు, ఆప్తులు చనిపోయినప్పుడు యూదులు చేసే పని అది. ఎందుకిలా చేశావని అడిగితే ఆ మనిషి ఒక కథ చెప్పాడు. ఒక వాస్తుశిల్పి ఇళ్ళూ నగరాలూ కట్టాడు. అతని పనితనాన్ని ఎవరూ అందుకోలేకపోయారు. ఇద్దరు వచ్చి బతిమాలితే తన విద్య రహస్యమంతా నేర్పాడు. నేర్చుకున్నాక వాళ్ళు వేరుపడి, అతను తీసుకునే కూలి కంటే తక్కువకే కట్టడం మొదలుపెట్టారు. జనం అతన్ని వదిలి వీళ్ళ దగ్గరికి వచ్చారు. ‘దేవుడు మిమ్మల్ని తన రూపంలో చేశాడు. ఇప్పుడు మీరూ ఆయనలాగే మనిషిని చేశారు. ఈ లోకానికి వీళ్ళిద్దరే దేవుళ్ళు అంటారు జనం’ అని ముగించాడు.

ఈ కథ రాసినవాడి నేర్పు నుదుటి వాక్యం ఎంపికలో ఉంది. ‘యెహోవాయే నిజమైన దేవుడు’ అనే మాట యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయం 10వ వచనంలోనిది. హీబ్రూలో ఆ మూడు మాటలే అక్కడ ఉన్నాయి. వాటి వెంటనే వచ్చేది ‘ఆయనే జీవముగల దేవుడు’. ఆ అధ్యాయమంతా చేతితో చేసిన విగ్రహాల మీద విమర్శ. వాటికి మాట లేదు, నడక లేదు, ఊపిరి లేదు అంటాడు ప్రవక్త. ఇప్పుడు అదే ప్రవక్త చేతితో ఒక బొమ్మను చేసి, దాని నుదుటి మీద తన వాక్యాన్నే ఉంచాడు. ఆ బొమ్మకు మాట, నడక, ఊపిరి అన్నీ వచ్చాయి. అంటే యిర్మీయా వాదానికి ఉన్న ఆధారమే పోయింది. ఆలెఫ్ చెరిపి ఆ మట్టి మనిషి చేసింది అతని వాక్యాన్ని పూర్తిగా తలకిందులు చేయడమే: జీవముగల దేవుడు అన్న చోట మృతుడైన దేవుడు.

ఇక్కడ ఒక సంగతి చదివేవారి కన్ను తప్పిపోతుంది. ఆలెఫ్ పోయినా ఆ మనిషి కూలిపోలేదు. అక్షరం గీకేశాక కూడా నిలబడి కథ చెప్పాడు, జవాబు చెప్పాడు. ఇక ఏం చేయాలని యిర్మీయా అడిగితే, మట్టి మీద అక్షరాలను వెనక వరుసలో రాయండి, కట్టే ధ్యాసతో కాకుండా కూల్చే ధ్యాసతో రాయండి అని అతనే దారి చూపాడు. అలా చేశాకే మట్టీ బూడిదా అయ్యాడు. కాబట్టి ఈ రూపంలో నుదుటి అక్షరం ప్రాణానికి మీట కాదు. అది నేరారోపణ. ప్రాణం తీసే పని ఎలియాజర్ చెప్పిన వెనక వరుసదే. ఇలాంటి విద్యను సృష్టికర్త శక్తిని తెలుసుకోవడానికి చదవాలి గానీ ఆచరించడానికి కాదని యిర్మీయా చివర అంటాడు.

అక్షరం చెరిపితే బొమ్మ పడిపోవడం నాలుగు వందల ఏళ్ళ తర్వాత పోలండ్ కథల్లో స్థిరపడింది. ఆ కథల నాయకుడు ఖెల్మ్ పట్టణపు రబ్బీ ఎలియా. 1583లో మరణించాడు, దేవుని నామంతో అద్భుతాలు చేసేవాడని పేరు. 1674లో క్రిస్టోఫ్ ఆర్నాల్డ్ అనే జర్మన్ క్రైస్తవ పండితుడు పోలండ్ యూదుల నుంచి వచ్చిన ఈ కథను ఒక లేఖలో రాశాడు. ప్రార్థనలు, ఉపవాసాలు చేసి మట్టితో బొమ్మ చేస్తారు, దేవుని నామం పలికితే లేస్తుంది. మాట్లాడదు గానీ చెప్పింది అర్థం చేసుకుంటుంది. ఇంటి పనులకు వాడుకుంటారు. నుదుటి మీద ఎమెత్ ఉంటుంది. చిక్కల్లా అది రోజురోజుకూ పెరుగుతుంది. అందుకే చేతికి అందనంత పొడవు కాకముందే మొదటి అక్షరం చెరపాలి.

ఎలియా ఆ ఘడియ దాటనిచ్చాడు. నుదురు అందలేదు. తన చెప్పులు విప్పమని పనివాడిగా దాన్ని ఆజ్ఞాపించాడు. అది వంగినప్పుడు అక్షరం చెరిపాడు. బొమ్మ మట్టి అయింది నిజమే, కానీ ఆ మట్టి గుట్టంతా ఆయన మీద పడి ఆయన ప్రాణం తీసింది. ఈ కథనే 1808లో జర్మన్ జానపద కథల సేకర్త యాకోబ్ గ్రిమ్ ఒక పత్రికలో క్లుప్తంగా ప్రచురించాక యూరప్ సాహిత్యమంతా గోలెం నడవసాగింది. ఎలియా వంశీకుడైన రబ్బీ యాకోబ్ ఎమ్డెన్ 18వ శతాబ్దంలో చెప్పిన రూపం కొంత వేరు. అందులో నుదుటి మీద అతికించి ఉన్నది దేవుని నామం. బొమ్మ లోకాన్నే నాశనం చేస్తుందని భయపడి ఎలియా ఆ నామాన్ని పీకేశాడు. ఆ పెనుగులాటలో అది ఆయన ముఖం గీరింది, అంతే, ఆయన చనిపోలేదు. ఏ రూపం చూసినా ఖెల్మ్ గోలెం పనివాడే. ఎవరినీ కాపాడలేదు.

ప్రాగ్ కథకు ఆధారమైన మహరల్, అంటే రబ్బీ యెహూదా లోవ్, 1609లో మరణించిన నిజమైన మహాపండితుడు. ఆయన కాలంలోనే ప్రాగ్‌లో ఉన్న దావిద్ గాన్స్ తన చరిత్ర గ్రంథంలో మహరల్ 1592లో చక్రవర్తి రెండవ రుడాల్ఫ్‌ను కలిసిన సంగతి రాశాడు. గోలెం గురించి ఒక్క మాట లేదు. మహరల్ రాసిన గ్రంథాల్లోనూ లేదు. ఆయన పేరుకు గోలెం జతపడిన కథలు 1830, 1840 దశకాల్లో అచ్చులోకి వచ్చాయి. వాటిలో ప్రాణం పోసేది దేవుని నామం రాసిన చీటీ. దాన్ని బొమ్మ నోట్లో పెడతారు. సబ్బాతు రోజున ఎవరూ పని చేయకూడదు కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం చీటీ తీసేయాలి. ఒక శుక్రవారం మహరల్ మరిచిపోయాడు. గోలెం విరుచుకుపడింది. సబ్బాతు ప్రవేశించే ముందు ఆయన పరుగున వచ్చి చీటీ లాగాడు. చీటీ మళ్ళీ పెట్టొచ్చు, తీయొచ్చు. చెరిపిన అక్షరానికి ఆ వీలు లేదు. అందుకే ప్రాగ్ కథలో సమస్య మరుపు, ఖెల్మ్ కథలో సమస్య ఆలస్యం.

కాపలాదారు గోలెం 1909లో వచ్చాడు. పోలండ్‌లో ఉన్న రబ్బీ యూడల్ రోజెన్‌బర్గ్ ఆ ఏడు ఒక పుస్తకం అచ్చువేసి, అది మహరల్ అల్లుడి పాత రాతప్రతి అని చెప్పుకున్నాడు. నిజానికి అది ఆయన సొంత రచన. అందులో గోలెం 1580లో పుట్టి రాత్రిళ్ళు వీధుల్లో తిరుగుతూ, యూదులు క్రైస్తవ పిల్లల రక్తాన్ని వాడుతున్నారని నింద మోపడానికి శవాలు తెచ్చి పడేసేవారిని పట్టుకుంటుంది. ఆ నింద పాత కాలపుది మాత్రమే కాదు. బొహీమియాలోని పోల్నాలో 1899లో ఒక యువతి హత్యకు యూదుడైన హిల్స్‌నర్‌ను దోషిగా తేల్చినప్పుడు అదే నింద చుట్టుముట్టింది. 1903లో కిషినెవ్‌లో యూదుల ఊచకోతకు ముందు పాకిన పుకారు అదే. ఆ తరానికి పనివాడు సరిపోలేదు, రక్షకుడు కావలసి వచ్చాడు. రోజెన్‌బర్గ్ గోలెంను అంతం చేసిన పద్ధతిలో నుదుటి అక్షరం లేదు. లేపినప్పుడు చేసిన ప్రదక్షిణలనే మహరల్, ఆయన ఇద్దరు సహాయకులు తలకిందుల వరుసలో చేస్తారు. అంటే ఎలియాజర్ పద్ధతికే తిరిగి వెళ్ళాడు. కాపలాదారు నుదుటి మీద ఎమెత్ రాసి, దాన్ని చెరిపించి, ఖెల్మ్‌ను ప్రాగ్‌తో కలిపింది ఆ తర్వాతి కథకులు.

ఇక మిగిలిన ప్రశ్న ఒకటి: ‘మృతుడు’ అని నుదుటి మీద మిగిల్చితే అది హత్య అవుతుందా? దీన్ని కథగా కాకుండా ధర్మశాస్త్ర సమస్యగా అడిగినవాడు ఎమ్డెన్ తండ్రి, రబ్బీ జ్వీ అష్కెనాజీ. తన ధర్మసందేహాల సంపుటిలో ఆయన లేవనెత్తిన విషయం ఇది: సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు కావాలి, తొమ్మిదిమందే ఉంటే పదో వాడిగా గోలెంను లెక్కించవచ్చా? ఆయన జవాబు కోసం రవా చేసిన మనిషి దగ్గరికి వెళ్ళాడు. జేరా అతణ్ణి మట్టి చేసేశాడు. పదిమందిలో ఒకడిగా పనికివచ్చేవాడైతే జేరా అలా వృథా చేసి ఉండడు. పైగా నరహత్యను నిషేధించే ఆదికాండము 9:6 వచనాన్ని తాల్ముద్ ‘మనిషి లోపల ఉన్న మనిషి’ అని చదువుతుంది. తల్లి గర్భంలో రూపొందినవాడికే ఆ రక్షణ. మట్టిలో రూపొందినవాడికి లేదు. కాబట్టి గోలెం లెక్కలోకి రాడు, అతణ్ణి చెరపడం హత్య కాదు. ఈ తీర్పు రాస్తూ అష్కెనాజీ తన సందేహానికి కారణాన్ని దాచలేదు. అలాంటి మనిషిని చేశాడని జనం చెప్పుకునే ఖెల్మ్ ఎలియా ఆయన పూర్వీకుడు.